తొంభై రెండు అన్న అంకె

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట నేను చెప్పక్కర్లేదు, కరీంనగర్‌లో మా లేత్ షాపుల వరసలో ఎవర్నడిగినా చెప్తారు. ముప్ఫై ఏళ్ళు ఇనుము కోసినవాడి నోరు కూడా ఇనుములాగే తయారవుతుందేమో. అరిచాక పది నిమిషాలకు చల్లబడతాను, చాయ్ తెప్పిస్తాను, అయిపోయిందంటాను. అయిపోయేది నాకు. అవతలివాళ్ళకు అయిపోతుందో లేదో ఏనాడూ అడగలేదు.

ఇది అలా అరిచిన సంగతి కూడా కాదు. అరుపైతే ఇంత బాధ ఉండేది కాదు. ఒక అబద్ధం సంగతి ఇది. నిమ్మళంగా, మామూలు గొంతుతో ఆడిన అబద్ధం.

తొంభైల్లో మా బాపు దగ్గర లేత్ పని నేర్చుకున్నాను. మా బాపు నాకు ఇచ్చిన ఆస్తి ఒక్క వర్నియర్ కొలబద్ద. దాని దవడల మధ్య ముక్కను పట్టుకుని చూసి, "ఎంత ఎక్కువున్నదో గంత తీసెయ్యి, పనైపోయె" అనేవాడు. లేత్ మీద సూత్రం అంతే. కడ్డీ లావుగా ఉంటే పిడి తిప్పు, పనిముట్టు ముందుకు జరుగుతుంది, లావు తగ్గుతుంది. ఆ ఒక్క సూత్రంతో పెళ్ళి చేసుకున్నాను, ఇల్లు కట్టాను, వరసలో మొనగాణ్ణని పేరు తెచ్చుకున్నాను.

తర్వాత చాలా ఏళ్ళకు లేత్ పనులు పలచబడ్డాయి. అప్పుడు వచ్చిందా పిల్ల. సిరిసిల్ల వాళ్ళు, మగ్గాల మీద బతికే ఇల్లు. తండ్రి లేడు. తల్లి ఒక సేటు షెడ్డులో కండెలకు దారం చుట్టేది. పిల్ల పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివి, పని కోసం షాపులన్నీ తిరిగి, అందరూ "ఆడపిల్లకు లేత్ పనేంది" అని నవ్వితే చివరికి నా దగ్గరికి వచ్చింది. నేనూ నవ్వాను. ఆ పిల్ల నవ్వలేదు.

"లేత్ కాదు కాకా. ప్రింటర్ కొను. నేను నడుపుత" అంది.

ప్రింటరంటే కాగితాలది కాదు, వస్తువుల్ని అచ్చు పోసేది. చూస్తే పెద్ద మాయ ఏమీ లేదు. చుట్టగా వచ్చే ప్లాస్టిక్ తీగను ఒక పళ్ళ చక్రం లోపలికి తోస్తుంది. వేడి గొట్టంలో అది కరుగుతుంది. గొట్టం కొసన ఇత్తడి నాజిల్, దానికి మిల్లీమీటరులో పదింట నాలుగు పాళ్ళ బెజ్జం. అందులోంచి సన్నని గీతలా కారి, పొర మీద పొర పేరుకుని వస్తువు తయారవుతుంది. మా ఆవిడ జంతికలు ఒత్తేది కూడా ఇంతే కదా అన్నాను మొదటిరోజు. "ఇంతనే కాకా, గాని జంతికను కొలువరు కదా" అంది పిల్ల. ఆ మాట నాకు నచ్చింది. కొలత తెలిసిన మనిషి అనుకున్నాను.

రెండేళ్ళు హాయిగా నడిచింది. మిక్సీ గుబ్బలు, కూలర్ చక్రాలు, మగ్గాలకు చిల్లర సామాన్లు. పిల్ల ఒక నోటుపుస్తకం పెట్టుకుంది. ఏ ముక్క ఎంత వేడి మీద వచ్చింది, ఎంత బరువు తూగింది, అన్నీ అందులో. నేను ఎగతాళి చేసేవాణ్ణి, "పురాణం రాస్తున్నవా బిడ్డా?" అని. రాసుకుంటూనే నవ్వేది.

ఆ ఏడు బతుకమ్మకు తొమ్మిది రోజులూ సెలవడిగింది. పొమ్మన్నాను. పోతూ పోతూ రెండు మాటలు చెప్పింది. "కాకా, నిర్మల్ ఆయనది మెరిసే తీగ వచ్చింది. దాన్ని మన ఇత్తడి నాజిల్‌తోటి నడపకుండ్రి. డ్రాయర్ల ఉక్కుది పెట్టిన. మార్చి నడపుండ్రి, లేకుంటే నేనొచ్చేదాంక ఆపుండ్రి."

నిర్మల్ కొయ్యబొమ్మల పని చేసే ఒకాయన తన పులులకు, చిలకలకు చీకట్లో మెరిసే కళ్ళు పెట్టాలని సరదాపడ్డాడు. ఆ తీగలో మెరుపు కోసం కలిపే పొడి గట్టిది. సానరాయి లాగా ఇత్తడిని తినేస్తుంది. ఈ సంగతి పిల్ల అంతకుముందే రెండుసార్లు చెప్పింది. నేను రెండుసార్లూ తలూపాను.

ఆయనకు దసరా లోపల కావాలి. నాజిల్ మార్చాలంటే గొట్టాన్ని వేడిచేసి, వేడి మీదే విప్పి, కొత్తది బిగించి, ఎత్తు సరిచూడాలి. నాకు బద్ధకమయింది. బద్ధకమని ఒప్పుకోను కదా, "ముప్ఫై ఏళ్ళ నుంచి పనిముట్లు చూస్తున్న, గా తీగకే అరుగుతదా?" అనుకున్నాను. ఆరు రోజులు ఆ ఇత్తడి నాజిల్‌తోనే కళ్ళు అచ్చు పోశాను. పులులకు, చిలకలకు, కుందేళ్ళకు. కళ్ళు బాగానే వచ్చాయి. కంటికి కొలత అక్కర్లేదు కదా, అతికించేస్తే సరి.

ఆయుధపూజ నాడు లేత్‌కూ ప్రింటర్‌కూ పసుపు, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి మొక్కాను. ఆరు రోజులు సానరాయి తినిపించిన నాజిల్‌కు కూడా ఒక బొట్టు పెట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

పండగయ్యాక పిల్ల వచ్చింది. దసరాకు జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెడతాం కదా, అది దాచి తెచ్చింది. "బంగారం తీస్కోండ్రి కాకా" అని నా అరచేతిలో పెట్టి కాళ్ళకు మొక్కింది. లేచి మిషన్ దగ్గరికి పోయి, "ఏం నడిపిండ్రు?" అంది.

"ఏవో బొమ్మల కండ్లు" అన్నాను.

"ఉక్కు నాజిల్‌తోటేనా?"

"ఆ, ఆ" అన్నాను. అదీ ఒక అబద్ధమే. కానీ అప్పటికి అది నాకు అబద్ధంలా అనిపించలేదు, విసుక్కోవడంలా అనిపించింది. ఉక్కుదే వేసి, మళ్ళీ తీసి ఇత్తడిది బిగించానని పిల్ల అనుకుంది. ఉక్కు నాజిల్ డ్రాయర్లో సంచిలో అలాగే ఉంది. తెరిచి చూడాల్సిన అవసరం ఆమెకు లేదు. నా మాట నమ్మింది.

అదే వారం సిరిసిల్ల సేటు పని వచ్చింది. ఈ సేటు షెడ్డులోనే పిల్ల తల్లి కండెలు చుట్టేది. ఆ కండెల మిషన్ మీద ఒక కడ్డీ ఉంటుంది. కడ్డీ వెంట ఒక చిన్న బిళ్ల అటూ ఇటూ జారుతూ దారాన్ని కండె మీదికి పరుస్తుంది. పాత బిళ్లలు అరిగిపోయాయి, కొత్తవి దొరకడం లేదు. పిల్లే సేటుతో మాట్లాడి, "మా షాపుల చేసిస్త" అని మాటిచ్చి వచ్చింది. వాళ్ళ వాడకట్టులో అందరికీ చెప్పుకుంది కూడా. తల్లి అయితే మిషన్ల ముందు కూర్చున్న ఆడవాళ్ళందరికీ చెప్పిందట, "మా బిడ్డ చేసిన బిళ్లలొస్తయి" అని.

మొదటి బిళ్ల దిగింది. కడ్డీ ఎనిమిది మిల్లీమీటర్లు. బెజ్జం ఎనిమిదీ పాయింట్ రెండు ఉండాలి. కడ్డీ దూరలేదు. వర్నియర్ పెడితే ఏడూ పాయింట్ ఎనిమిది. బయట వెడల్పు ఇరవై ఉండాల్సింది ఇరవై పాయింట్ నాలుగు. గోడలు నున్నగా లేవు, తిన్న కడుపులా ఉబ్బి ఉన్నాయి. మూలల్లో బొబ్బల్లాంటి గడ్డలు.

అప్పటికే సేటు బిళ్లలు చూసిపోదామని వచ్చి కూర్చున్నాడు. పక్క షాపు వెల్డరూ, ఎదురుగా మోటార్లు చుట్టేవాడూ చాయ్ తాగుతున్నారు. నాకు ఒళ్ళు మండింది.

"ఏం తిప్పినవే? ఫ్లో పెంచినవా?" అని అరిచాను. ఫ్లో అంటే తీగను ఎంత తోయాలన్న అంకె. నూరుంటే లెక్క ప్రకారం. పెంచితే ఎక్కువ ప్లాస్టిక్ కారి గోడలు ఉబ్బుతాయి.

"నేను ముట్టలే కాకా. నూరే ఉన్నది, చూడుండ్రి."

"మరి ఊకెనే ఉబ్బుతదా?"

"ఉబ్బు ఒక్క ఫ్లో తోటే రాదు కాకా. వేడి ఎక్కువైనా వస్తది, నాజిల్ అరిగినా వస్తది. ఒక్కొక్కటి ఏరుకుంట పోవాలె. రెండు దినాలు ఇయ్యుండ్రి."

సేటు మంచివాడు. "సరే బిడ్డా, నిమ్మళంగ చెయ్యి" అని వెళ్ళిపోయాడు.

ఆ రెండు రోజులూ పిల్ల పనిచేసిన తీరు నా కళ్ళ ముందు ఇప్పటికీ ఉంది. మొదట ఫ్లో పట్టుకుంది. తీగ లోపలికి పోయే నోటి నుంచి కొలిచి నూట ఇరవై మిల్లీమీటర్ల దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీసింది. నూరు మిల్లీమీటర్లు లాగమని మిషన్‌కు చెప్పింది. లాగాక నోటికీ గీతకూ మధ్య ఇరవై మిగలాలి. తక్కువ మిగిలితే మిషన్ ఎక్కువ మింగుతున్నట్టు. సరిగ్గా ఇరవై మిగిలింది. తీగ లావు నాలుగు చోట్ల కొలిచింది, సరిగ్గానే ఉంది. తర్వాత బిళ్లను కాటాలో వేసింది. కంప్యూటర్ పన్నెండు గ్రాములని చెప్పింది, కాటా కూడా పన్నెండే అంది.

"చూసిండ్రా కాకా, బరువు పెరగలే. ప్లాస్టిక్ ఎక్కువ వస్తలేదు. వచ్చింది సరిగ్గనే వచ్చి, ఉండాల్సిన జాగల ఉంటలేదు, పక్కకు పోతుంది."

"నీ కథలు బందు పెట్టు" అన్నాను.

రెండోది వేడి. మెట్లమెట్లుగా ఒక గోపురం లాంటి ముక్క పోసింది. ఒక్కో మెట్టుకు ఐదు డిగ్రీలు తగ్గుతూ. వేడి తగ్గిన మెట్ల దగ్గర మూలల గడ్డలు తగ్గాయి, వెంట్రుకల్లాంటి పోగులు పోయాయి. గోడ ఉబ్బు మాత్రం పోలేదు. "వేడి జర ఎక్కువే ఉండె, తగ్గిస్త. గాని అసలు రోగం గది కాదు" అంది. ఇంకొకటి చూపించింది. బిళ్లను కుడి ఎడమలుగా కొలిస్తే నాలుగు పాళ్ళు ఎక్కువ, ముందు వెనకలుగా కొలిస్తే ఒకటిన్నర పాళ్ళే ఎక్కువ. "ఫ్లో అయినా వేడి అయినా నాలుగు దిక్కుల ఒక్కతీరుగ ఉబ్బాలె కదా కాకా?"

అవునో కాదో నేను ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే నాజిల్ బెజ్జం గుండ్రంగా లేదని, కోడిగుడ్డులా అరిగిందని నాకే తట్టేది. లేత్ మీద ముప్ఫై ఏళ్ళు బతికినవాణ్ణి! తట్టకుండా ఎలా ఉంటుంది? నిజం చెప్పాలంటే తట్టింది. ఆమె ఆ మాట అనగానే పులుల కళ్ళు గుర్తొచ్చాయి. వెంటనే ఆ తలుపు మూసేశాను.

మూడోరోజు పొద్దున్నే పిల్ల రాకముందే షాపు తెరిచాను. బాపు సూత్రం ఉండనే ఉంది. ఎంత ఎక్కువుందో అంత తీసెయ్యి. ఫ్లోను నూరు నుంచి తొంభై ఆరు చేశాను, బిళ్ల పోశాను, కొలిచాను. ఇంకా లావే. తొంభై నాలుగు. తొంభై రెండు. తొంభై రెండు దగ్గర కడ్డీ జర్రున దూరింది. వర్నియర్ ఇరవై చూపించింది. ఎంత మురిసిపోయానో!

పిల్ల వచ్చింది. ముక్క చేతిలోకి తీసుకుంది, కాటాలో వేసింది. పదకొండు గ్రాములు.

"కాకా, గిది మందు కాదు. సైజు తగ్గింది గాని లోపల గీతకు గీత అంటుకోలే. ఒక గ్రాము ఏడికి పోయింది? గోడల నడుమ సందులున్నయి. గీ బిళ్ల దినమంతా కడ్డీ మీద కొట్టుకుంటది, నిలువదు. నాజిల్ విప్పి చూద్దాం, ఒక్కసారి."

"ఇరవై అంటే ఇరవై వచ్చింది. ఇంకేం గావాలె నీకు? కొత్త నాజిల్ పెట్టేది లేదు, ఏం లేదు. పోసెయ్యి!"

వెల్డర్ తల తిప్పి చూసేంత గట్టిగా అరిచాను. నాజిల్ విప్పితే నా ఆరు రోజుల బద్ధకం బయటపడుతుందని అరిచానా, నిజంగానే కొలత సరిపోయిందని అరిచానా? రెండూ కలిసే ఉన్నాయి. పిల్ల మిషన్ ముందు కూర్చుంది. బిళ్లలన్నీ పోసింది. నేనే డబ్బాలో సర్ది బస్సుకు వేశాను.

పది రోజుల్లో సేటు వచ్చాడు. చేతిలో సంచి. బల్ల మీద బోర్లించాడు. అన్నీ పొరల వెంట చీలిపోయిన బిళ్లలు. విరిగిన ముక్కలు దారంలో చిక్కుకుని కండెలు పాడయ్యాయట. మిషన్లు ఆగిపోయాయట. అందరికంటే ఎక్కువ మాటలు పిల్ల తల్లి పడిందట, తన బిడ్డ చేసిన బిళ్లలని చెప్పుకున్నందుకు.

"ఏంది మేస్త్రీ, ముప్ఫై ఏండ్ల పేరు నీది. గిట్లయితే ఎట్ల?" అన్నాడు సేటు.

వెల్డరున్నాడు. మోటార్లు చుట్టేవాడున్నాడు. సేటు వెంట వచ్చిన ఇద్దరు సిరిసిల్ల మనుషులున్నారు. మిషన్ తెర మీద అంకె అలాగే ఉంది. సేటు చదువుకున్న మనిషి, దాని మీద వేలు పెట్టాడు. "గిది నూరుండాలె గదా? పిల్ల అప్పుడు నూరే అన్నది. తొంభై రెండు ఎవరు చేసిండ్రు?"

నేనన్నాను, "పిల్ల ఏదో తిప్పింది సేట్."

అరవలేదు. మామూలుగా అన్నాను. అదే నన్ను ఇప్పటికీ తినేస్తుంది. కోపంలో అన్న మాటయితే నోరు జారిందనుకోవచ్చు.

పిల్ల మిషన్ పక్కనే నిలబడి ఉంది. నా వైపు చూసింది. "కాకా, నేనా తిప్పింది?"

"మరెవరు?" అన్నాను.

పిల్ల చూపు తిప్పుకుంది. తర్వాత గుడ్డ తీసుకుని మిషన్ బల్ల తుడిచింది. రోజూ సాయంత్రం కప్పే గుడ్డను పట్టపగలే కప్పింది. నోటుపుస్తకాన్ని డ్రాయర్లో పెట్టింది. టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్ళిపోయింది. సేటు, "గిసోంటోళ్ళను పెట్టుకుంటే ఇట్లనే ఉంటది" అన్నాడు. చాయ్ తెప్పించాను.

మర్నాడు వస్తుందనుకున్నాను. ఎప్పుడూ అంతే కదా, అరుస్తాను, వస్తారు. రాలేదు. ఆ వారమంతా రాలేదు. నేనే మిషన్ ముందు కూర్చున్నాను. కొత్త పని పోస్తే మళ్ళీ ఉబ్బు. ఫ్లో తగ్గిస్తే పెళుసు. పెంచితే లావు. ఇక దారి లేక నోటుపుస్తకం తెరిచాను.

చక్కని రాత. తారీఖు వారీగా అన్ని కొలతలూ. చివరి పేజీలో ఆ రెండు రోజుల పరీక్షలు. తీగ గీత సరి. బరువు సరి. వేడి పది డిగ్రీలు తగ్గించాలె. రెండు దిక్కుల ఉబ్బు వేరువేరు. ఆ కింద ఒక్క వాక్యం: "నాజిల్ అరిగింది. మెరిసే తీగ ఇత్తడిదానితోటే నడిచినట్టుంది. కాక మర్చిపోయి ఉంటడు. అడిగితే బాధపడతడు, నిమ్మళంగ ఉన్నప్పుడు చెప్పాలె."

పుస్తకం మూశాను. ఆమెకు తెలుసు. ఆ రెండు రోజుల పరీక్షల నుంచే తెలుసు. సేటు ముందు "మరెవరు" అని నేనన్నప్పుడు కూడా తెలుసు. ఒక్క మాట అంటే నా ముప్ఫై ఏళ్ళ పేరు అక్కడే పోయేది. అనలేదు.

గొట్టం వేడిచేసి నాజిల్ విప్పాను. వెలుతురుకు పట్టుకుని చూస్తే బెజ్జం పక్కకు సాగి ఉంది. మొన తేరిన కొస అరిగి బల్లపరుపయింది. నాలుగు పాళ్ళే ఉండాల్సిన దాంట్లో ఐదు పాళ్ళ డ్రిల్లు ముల్లు అడ్డం లేకుండా దిగిపోయింది. కొత్త నాజిల్ బిగించి, ఫ్లో నూరు చేసి, ఆమె రాసినట్టు వేడి పది తగ్గించి, ఒక బిళ్ల పోశాను. ఇరవై. రెండు దిక్కులా ఇరవై. కడ్డీ నున్నగా జారింది. బరువు పన్నెండు గ్రాములు. బిళ్లను గుప్పెట్లో పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను. సిగ్గెందుకు, ఏడ్చాను.

మర్నాడు సిరిసిల్ల పోయాను. వాళ్ళ ఇంటి ముందు గదిలో పిల్ల కూర్చుని కండెలు చుడుతోంది. లేచి మంచినీళ్ళిచ్చింది. "కాకా" అనే పిలిచింది. అదింకా పొడిచింది.

"తప్పయింది బిడ్డా. నాజిల్ నేనే ఖరాబు చేసిన. తొంభై రెండు నేనే చేసిన. పనికి రా."

దారం తెగితే ముడేసి మళ్ళీ తిప్పింది. తిప్పుతూనే అంది, "అప్పుడు నలుగురి ముందట అంటిరి కాకా. గిప్పుడు ఒక్కలే వచ్చి చెప్తుండ్రు."

నేను మంచినీళ్ళ గ్లాసు కింద పెట్టాను.

"నాకు కాదు. మా అవ్వ రోజూ గా షెడ్డుల కూసుంటది. ఆమెను అంటుండ్రు. గాడ చెప్పుండ్రి."

సేటు షెడ్డు రెండు వీధుల అవతలే. నడిస్తే ఐదు నిమిషాలు. వీధి చివరి దాకా నడిచాను. మగ్గాల చప్పుడు వినిపిస్తోంది. అక్కడ నిలబడి, ఇవాళ సేటు ఉంటాడో ఉండడో అనుకున్నాను. ముందు కొత్త బిళ్లలన్నీ పోసుకుని, వాటితో పాటు చెప్తే బాగుంటుందనుకున్నాను. ఇంకా ఏవేవో అనుకున్నాను. బస్సెక్కి కరీంనగర్ వచ్చేశాను. ఎన్ని సాకులు దొరుకుతాయో చూడండి, మనిషికి!

బిళ్లలు పోయడానికి నాలుగు రోజులు పట్టింది. ఒక్కోటి కొలిచాను, ఒక్కోటి తూచాను. ఐదోరోజు డబ్బా పట్టుకుని షెడ్డులోకి పోయాను. మగ్గాల చప్పుడులో నా మాట ఎవరికీ వినపడదు. "సేట్, జర మగ్గాలు ఆపిస్తరా? అందరికి ఒక మాట చెప్పాలె" అన్నాను. ఆయన వింతగా చూసి, చెయ్యెత్తాడు. ఒక్కొక్కటే ఆగాయి.

చెప్పాను. నాజిల్ సంగతి, పులుల కళ్ళ సంగతి, తొంభై రెండు సంగతి. "పిల్ల ఏం తిప్పలే. తిప్పింది నేను. అబద్ధమాడిన. ఆమె చెయ్యొద్దని చెప్పింది, నేనే ఇనలే." సేటు ఒక బిళ్ల తీసి కడ్డీకి ఎక్కించి, అటూ ఇటూ జరిపి చూశాడు.

"మంచిగున్నది. మరి గా పిల్లేది? ఆమె ముందట గదా చెప్పాలె" అన్నాడు.

నేను తల్లి వైపు చూశాను. ఆమె కండెల మిషన్ దగ్గర కూర్చుని చీర కొంగుతో చేతులు తుడుచుకుంటోంది.

"మొన్ననే పాయె అన్నా. బొంబాయి కాడ భీవండిల మా తమ్ముడున్నడు. ఏదో ప్లాస్టిక్ కంపెనీల పని దొరికిందని తోలుకపోయిండు. ఇక్కడ ఎవల మొకం చూడబుద్ధయితలేదన్నది."

మొన్న. నేను వీధి చివర నుంచి వెనక్కి తిరిగిన మూడో రోజు.

ఆమె జాకెట్లోంచి చిన్న ఫోను తీసి, నంబరు కలిపి నా చేతికిచ్చింది. "చెప్పుండ్రి. అందరున్నరు కద."

అందరూ ఉన్నారు. నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. అవతల ఏదో మిషన్ చప్పుడు వినిపిస్తోంది. నేను ఆపాక పిల్ల అడిగింది.

"కొత్త నాజిల్ పెట్టినంక బరువు చూసిండ్రా కాకా?"

"చూసిన బిడ్డా. పన్నెండు గ్రాములు. అన్నీ పన్నెండే."

"అట్లయితే నిలుస్తయి. అవ్వకు ఫోనియ్యుండ్రి."

ఇచ్చాను. తల్లీ కూతుళ్ళు తిన్నావా, పండుకున్నావా అని మాట్లాడుకున్నారు. సేటు చెయ్యెత్తాడు, మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి. తల్లి ఫోను లోపల పెట్టుకుని, నేను తెచ్చిన బిళ్ల ఒకటి అడిగి తీసుకుని, తన మిషన్‌కు తనే బిగించుకుంది. పిల్ల మళ్ళీ నా షాపుకు రాలేదు.